బిగువుగా కట్టిన వల

దమయంతి గురించి మా వీధిలో ఎవరిని అడిగినా ముందు ఆవిడ నోటి గురించి చెబుతారు. నేను మాత్రం ఆవిడ పెరటి గురించి చెబుతాను. మా గోడకి అవతలే ఆ పెరడు. బారువ వైపు నుంచి సముద్రపు గాలి ఆగకుండా వీచే ఉద్దానం పల్లె మాది. ఇసుక నేల, కొబ్బరి, జీడి.

ఆ పెరట్లో ఒక జీడిచెట్టు ఉండేది. దమయంతి అత్తగారు గంగమ్మ పెట్టింది. గంగమ్మ పలుకు తక్కువ మనిషి. కొత్త కోడలి మీద ఉన్న ప్రేమంతా, జీడిపిక్క కాల్చి, పప్పు పొట్టు వొలిచి, ఆ పిల్ల అరచేతిలో పెట్టడంతోనే సరిపెట్టేది. గంగమ్మ పోయాక కూడా చెట్టు కాసింది. మొన్న వైశాఖంలో లేచిన గాలికి వేళ్లతో సహా ఒరిగిపోయింది.

ఆ ఏటి పిక్కలు అప్పటికే వ్యాపారికి వెళ్లిపోయాయి. ఇంట్లో తినడానికి దాచినవి ఒక డబ్బా అడుగున మిగిలాయి. దమయంతి వాటిని నీళ్లలో పోసి, తేలినవి పారేసి, మునిగినవి ఏరింది. చెట్టు మళ్లీ రావాలంటే అవే దిక్కు.

“నర్సరీలో అంటు మొక్కలుండగా ఈ పిక్కలతో ఏటే నీ యాతన?” అన్నాడు భర్త త్రినాథ్. “పిక్క నుంచి వొచ్చిన సెట్టు తల్లి లాగే కాత్తాదని ఎవుడు సెప్పాడు నీకు?”

“నువ్వు అంటు తెచ్చుకో మావా. నాకిదే కావాలి.”

నేలలో పెడితే పశువులు తొక్కుతాయని కుండీల్లో పెట్టింది. కుండీలంటే పాత రంగు బకెట్లు, అడుగు పోయిన బిందె, చేపల ఐసు పెట్టె. అన్నింటికీ అడుగున చిల్లులు పొడిచి, ఇసుకా పేడఎరువూ కలిపి నింపి, పిక్కని తొడిమ భాగం పైకి ఉండేలా గుచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. కొబ్బరిచెట్టు మొదట్లో ఎండుచేపల పొట్టు వేయడం ఉద్దానంలో అందరికీ అలవాటే. ఆ చేత్తోనే కుండీల మీద కూడా ఒక్కో గుప్పెడు చల్లింది.

తెల్లారేసరికి కాకులు వాలాయి. చేప వాసన పట్టి, ముక్కులతో మట్టి కెలికి, అడ్డొచ్చిన పిక్కల్ని బయటికి విసిరేశాయి. దమయంతి కొంగు నడుముకి దోపుకుని తిట్టిన తిట్లకి మా ఇంటి గోడ మీద పిల్లి కూడా దిగిపోయింది. తర్వాత ఆ మట్టంతా పారబోసి, చేప వాసన లేని కొత్త మట్టి వేసి, దొరికిన పిక్కల్ని మళ్లీ పాతింది.

వానలు పడ్డాయి. మొలకలు వచ్చాయి. జీడిపిక్క పెంకులో ఉన్నంతకాలం అందులోని ఘాటుకి జడిసి ఉడత పెద్దగా జోలికి రాదు. మొలకెత్తి పెంకు విడిచాక మాత్రం లోపలి పప్పే రెండు లావుపాటి ఆకులై పైకి లేస్తుంది. ఉడతకి అది ఆకేసి వడ్డించినట్టే. వరసగా రెండు బకెట్లలో మొక్క మధ్యకి తెగి పడి ఉంది. పక్కనే కొరికి వదిలిన ముక్కలు.

దమయంతి మట్టి మీద కొబ్బరిపీచు దట్టంగా పరిచింది. ఉడతలు దాన్ని నోటినిండా కరుచుకుని కొబ్బరి మట్టల్లోకి మోసుకుపోయాయి, గూటికి.

“పప్పు తిన్నాయి, పరుపూ పట్టుకెల్లిపోయాయి. ఇంక దుప్పటి ఇచ్చీ,” అన్నాడు త్రినాథ్.

ఆవిడ నవ్వలేదు. మిగిలిన మొలకలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

వారానికోసారి బారువ నుంచి ఎండుచేపలు తెచ్చి, కొబ్బరికాయలు పట్టుకెళ్లే ఈశ్వరరావు కిందటిసారి వచ్చినప్పుడు చినిగిన వల ఒకటి వదిలి వెళ్లాడు. సన్నటి నైలాను దారం, కంటికి సరిగా ఆనదు. దమయంతి దాన్ని మడతలు మడతలుగా కుండీలన్నిటి మీదా కప్పేసింది. ఆ పూట నిశ్చింతగా అన్నం తింది.

మర్నాడు పొద్దున్నే కిచకిచమని ఒకటే గోల. నేను గోడ దగ్గరికి వెళ్లేసరికి, వల మడతల్లో ఒక ఉడత. మెడకీ ముందు కాలికీ దారం చుట్టుకుంది. గింజుకున్నకొద్దీ బిగుస్తోంది.

“అలాగుండనీ. రెండోది సూసి బుద్ధి తెచ్చుకుంతాది,” అన్నాడు త్రినాథ్. అన్నాడే గాని అటు చూడలేకపోయాడు.

దమయంతి దగ్గరికొచ్చింది. ఆ ఉడత పక్కనే, వల లాగుడుకి విరిగిన మొలక ఒకటి వాలి ఉంది. ఆవిడ దాన్నీ చూసింది, దీన్నీ చూసింది. లోపలికి వెళ్లి తువ్వాలూ కత్తెరా తెచ్చింది. ఉడత మీద తువ్వాలు వేసి, మెత్తగా అదిమి పట్టి, మెడ దగ్గర దారాన్ని ఒక్కొక్క పోగే కత్తిరించింది.

“కదలకే తల్లీ. నిన్ను సంపుకోడానికి కాదే నాను మొక్కేసింది,” అంటూనే ఉంది.

తువ్వాలు తీయగానే అది కొబ్బరిచెట్టెక్కేసింది. దమయంతి అక్కడే చతికిలబడింది. చెట్టు పడినప్పుడు కూడా ఆవిడ కళ్లు తడవడం నేను చూడలేదు, ఇప్పుడు చూశాను.

మధ్యాహ్నం ఈశ్వరరావు వచ్చాడు. ముక్కలైన వల ఎత్తి చూశాడు.

“ఏటప్పా, ఉడతల వేటకెల్లావా?” ఆవిడ అతనికి అప్ప, అంటే అక్క వరస.

“నీ వలే గదరా, సంపీబోయింది.”

“నా వల సేసీ పనే అది సేసింది. వదులుగా వేత్తేనే గదా సేప సిక్కుతాది. బిగలాగి కట్టిన వలకి సేప గుద్దుకుని పోతాది గాని పడదు. ఇక్కడ నువ్వు పట్టాలా, ఆపాలా?”

దమయంతి విరిగిన మొలకని వేళ్లతో నిలబెట్టి చూసింది.

“ఆపాల,” అంది.

“మరి బిగించు. ఈ సన్నదారం వొద్దు, పారీ.”

తర్వాతిసారి అతను లావు దారంతో దగ్గరగా అల్లిన వల తెచ్చాడు, దాని కన్నుల్లో చిటికెనవేలు కూడా దూరదు. త్రినాథ్ ఎవరూ అడక్కుండానే వెదురు బద్దలు చీల్చాడు. బద్దల్ని విల్లులా వంచి కుండీల్లో గుచ్చి, మొక్కకి వల ఎక్కడా తగలకుండా పైన పరిచి, నలుగురు కలిసి మంచం నవారు లాగినట్టు లాగి, అంచుల్ని బకెట్ల అంచు కింద తాడుతో కట్టారు. నాలుగో మనిషిని నేనే. మట్టి మీద పీచుకి బదులు, కడిగి ఉప్పు పోగొట్టిన ఆల్చిప్పలు పరిచారు. పీచు కట్ట పెరటి చివర కొమ్మకి వేలాడదీసింది దమయంతి, గూటికి కావాల్సినవాళ్లు తీసుకుపొమ్మని. రోజూ పొద్దున్నే లేచి, ముందు వలలో ఏదన్నా చిక్కిందా అని చూసేది. ఆ తర్వాతే మొక్కల్ని చూసేది.

ఉడతలు వచ్చాయి. వల మీద పరిగెత్తాయి, చప్పట్లు కొడితే పోయాయి. ఏదీ చిక్కలేదు. కొన్నాళ్లకి ఆ పప్పు ఆకులు వడిలి రాలి, పైన అసలు ఆకులు ముదిరాయి. ఇక ఉడతలకి అక్కడ పని లేకపోయింది. అప్పుడు వల విప్పారు. చివరికి నిలిచినవి రెండు మొక్కలు.

జీడి తల్లివేరు కుండీలో ఎక్కువకాలం ఇమడదు. అందుకని శ్రావణంలో ముసురు పట్టిన రోజు చూసి, వేరు కదలకుండా మట్టిగడ్డతో సహా ఒకటి పాత చెట్టు పడిన చోటికి ఎడంగా నాటారు. చుట్టూ కంప కట్టారు. రెండోది ఈశ్వరరావు చేతిలో పెట్టింది దమయంతి.

“మా అత్త సెట్టు. బారువలో కూడా ఒకటుండనీ తమ్ముడా.”

త్రినాథ్ గొయ్యి చుట్టూ మట్టి అదుముతూ పాత మాటే ఎత్తాడు. “అన్నీ సేసినావు గాని, ఇది మాయమ్మ సెట్టులా కాత్తాదో నేదో.”

“నువ్వు మీయమ్మలా ఉన్నావేటి? ఆవిడ నోరిప్పీది కాదు, నువ్వు ముయ్యవు. అయినా నిన్ను సూత్తే అందరూ గంగమ్మ కొడుకే అంతారు గదా.” ఆవిడ చెంబుతో నీళ్లు పోసింది. “ఆ మాత్రం పోలికుంటే నాకు సాలు.”

పెరటి చివర కొమ్మ మీద పీచు కట్ట సగానికి తగ్గింది.