చపాతీ పిండి తప్పించుకున్న చెయ్యి

అరకులో కాఫీ రైతుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో ఉన్నప్పుడు, సాయంత్రానికి నా కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కేవి. దులిపితే పోయేది. నాకది వరంలా దొరికింది. "చెయ్యి లాగేస్తోంది" అని మూలిగి, చపాతీ పిండి మా ఆయన చేత కలిపించేదాన్ని. ఆయన కలుపుతుంటే నేను అదే చేత్తో మా చెల్లికి ఫోన్లో పేజీలకు పేజీలు కొట్టేదాన్ని.

కొన్నాళ్లకి తిమ్మిరికి నిద్రలో మెలకువ రావడం మొదలైంది. ఒకరోజు టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. "ఏటీ కొత్త నాటకం?" అన్నారాయన.

మర్నాడు వివరాలు చెప్పడానికొచ్చిన కాఫీతోట ముసలామె కీబోర్డు మీదున్న నా చేతులకేసి చూసింది. "మేం పళ్లు కోసినప్పుడు సెట్టు సెట్టుకీ సేతులు దులుపుకుంటాం. నువ్వేటి గుంటా, పొద్దుట్నించి సెయ్యి తియ్యనేదు!" అంది. సిగ్గేసి మా ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"తిమ్మిరి నిద్ర లేపినా, పట్టు తగ్గినా వెంటనే రావద్దా?" అని డాక్టరు కోప్పడ్డాడు. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నాడు. అరగంటకోసారి కీబోర్డు వదలాలిట. చెయ్యి చాపి, రెండో చేత్తో వేళ్లని మెల్లగా వెనక్కి లాగి ఇరవై లెక్కపెట్టాలి. తర్వాత కిందికి వంచి మళ్లీ. నొప్పొస్తే ఆపెయ్యాలి.

"ఫోన్లో కొట్టినా టైపింగే" అన్నాడు చివర్లో, నా చేతిలో ఫోను చూసి.

పక్కనున్న మా ఆయన మొహం వెలిగిపోయింది. పిండి ఇప్పటికీ ఆయనే కలుపుతున్నారు. నా ఫోను మాత్రం ఆయన జేబులో ఉంటోంది, చెల్లికి జవాబులూ నా పేరుతో ఆయనే ఇస్తున్నారు. నిన్న చెల్లి రాసింది: "అక్కా, ఈమధ్య బావని తెగ పొగుడుతున్నావేంటే?"