నాలుగో ప్రశ్న

పదహారేళ్లుగా ఒకే వార్డులో పనిచేస్తున్న సిస్టర్‌ని ఆసుపత్రి మొదటిసారి ఒక సదస్సుకు పంపుతోంది. మంచం దిగలేని రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే ఒంటిమీద పుండ్లు సగానికి తగ్గాయని వేరే ఆసుపత్రి నర్సు తన పరిశోధనను అక్కడ గోడమీద పోస్టర్‌గా పెడుతోంది. సోమవారం నుంచి ఈ వార్డులోనూ అదే పద్ధతి. మనుషుల్ని మాత్రం పెంచరు. "అక్కడ అయింది, ఇక్కడెందుకు కాదు?" అని సూపరింటెండెంట్ తేల్చేశాడు.

పోస్టర్ దగ్గర ప్రశ్నలడగడానికి ఒక్కొక్కరికి రెండే నిమిషాలు. గంట మోగితే పక్కకు జరగాలి. అందుకని సిస్టర్ ముందుగా పంపిన పోస్టర్ సారాంశం చదివి, ప్రశ్నలు ముందే కాగితం మీద పెట్టుకుంది.

దుప్పట్లు మడతపెడుతున్న ఆయా తొంగి చూసింది. "ఏంటి సిస్టరమ్మా, పరీక్షా?"

"అలాంటిదే. నువ్వైతే ఏం అడుగుతావు?"

"ఎంతమంది కలిసి తిప్పారో అడగండి. మేమిద్దరు ఆయాలం ఇరవై నాలుగు మందిని తిప్పుతూ కూర్చుంటే, మా నడుములకి ఇంకో వార్డు తెరవాలి."

సిస్టర్ నవ్వింది. రాసుకుంది కూడా, నాలుగోదిగా. పై మూడూ బరువైన మాటలున్నవి.

సదస్సు రోజు హాల్లో ఆమె వెనక కోటు వేసుకున్న ప్రొఫెసర్ నిలబడ్డాడు. వరసలో ఉన్నంతసేపూ ఆమె ఎదురుగా ఉన్న పోస్టర్ చదవలేదు, తన ప్రశ్నలే వల్లెవేసుకుంది. వంతు రాగానే అభినందనలు చెప్పి, తన అనుభవం చెప్పి, సగం సమయం తినేసింది.

"మీరు మొత్తం ఎంతమంది రోగులను పరిశీలించారు?"

"ఇదిగోండి, రెండో గడిలో ఉంది."

"పుండు తీవ్రతను దేనితో కొలిచారు?"

"దాని కిందే ఉందండీ."

మూడోది నోట్లో ఉండగానే గంట మోగింది. "గోడ మీదున్నది అడగడానికి ఇంత దూరం ఎందుకమ్మా?" అంటూ ప్రొఫెసర్ ముందుకు జరిగాడు. ఆమె గబగబా పోస్టర్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకుని పక్కకు తప్పుకుంది.

మర్నాడు వార్డులో ఆయా ఎదురొచ్చింది. "అడిగారా సిస్టరమ్మా?"

"టైం అయిపోయింది."

"అయ్యో, రెండు నిమిషాలు కూడా ఇవ్వలేదా?"

ప్రొఫెసర్ మాటకన్నా ఈ జాలే ఎక్కువ తగిలింది. రోగిని తిప్పే చేతులు ఎవరివో అడగడానికి, ఆమెకు ఆ కోట్లవాళ్ల ముందు చిన్నతనంగా అనిపించింది. మన ఆసుపత్రుల్లో ఈ చిన్నతనం ఆమె ఒక్కదానిదే కాదు, అయినా ఆ రోజు అనుభవించింది ఆమే.

"ఇచ్చారు. నీ ప్రశ్న చివర పెట్టాను. గొప్పగా కనపడాలని వేరేవి ముందు అడిగాను."

ఆయా బకెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "సోమవారం మేమే తిప్పాలి కదా," అంది.

సిస్టర్ ఫోన్ తీసింది. పోస్టర్ ఫొటోలో అడుగున ఆ నర్సు మెయిల్ ఉంది. అభినందనలేవీ లేకుండా ఒక్క వాక్యం టైపు చేసి, పంపేముందు ఆయాకు చదివి వినిపించింది.

"రాత్రి డ్యూటీలో ఎంతమందో కూడా అడగండి," అంది ఆయా, ఆమె ముఖం చూడకుండా.