ధర్మాదా ఏ గ్రూపు కింద?

పండరీ బట్టల బజారులో ఒక హోల్‌సేల్ కొట్టులో నాకు ఉద్యోగం దొరికిన ఏడే నాన్న రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు నుంచి రిటైరయ్యారు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరు ఖాళీ చేసి అద్దె ఇంటికి మారాం. ఆ అద్దె నా జీతంలోంచే కట్టాలి. అందుకే ఆ కొట్టులో ఎవరు గొంతు పెంచినా నాకు గుండె దడ.

కొట్టు ఇద్దరు అన్నదమ్ములది. పెద్దాయన గద్దె మీద కూర్చుని బేరాలు చూసేవారు. చిన్నాయన అద్దాల గదిలో బ్యాంకు పనులు చూసేవారు. ఎర్ర బహీల్లో, అంటే చేత్తో రాసే ఖాతా పుస్తకాల్లో, ఉన్న లెక్కలను కంప్యూటరులోకి ఎక్కించడం నా పని. ముందు ఖాతాల పట్టిక తయారు చేయాలి. అంటే ప్రతి ఖాతా ఆస్తా, అప్పా, ఆదాయమా, ఖర్చా తేల్చి ఆ గ్రూపు కింద పెట్టాలి. తర్వాత నెలాఖరు పనుల జాబితా రాశాను: బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం, గల్లా లెక్కపెట్టడం, సరుకు చూడడం, అప్పు ఖాతాల్లో ఏది ఎవరికి ఇవ్వాలో రాయడం. అన్నిటికీ సంతకాలయ్యాక ఆ నెలకు తాళం వేస్తాం. ఇక అందులో ఎంట్రీలు పడవు.

ఆ బజారులో బిల్లు చివర ధర్మాదా అని కాస్త కలుపుతారు. గోశాలకో సత్రానికో ఇవ్వడానికని కొనేవాళ్ళ దగ్గర తీసుకునే డబ్బు. కొట్టుది కాదు కనక దాన్ని అప్పుల కింద పెట్టాను. బహీలో ఏళ్ళుగా పేరుకున్న నిల్వనూ అక్కడే ఎక్కించాను. ఇందులో ఒకరిని అడిగేదేముందనుకున్నాను.

మొదటి నెల ముగించే రోజు చిన్నాయన నన్ను గదిలోకి పిలిచారు. బ్యాంకు ఇచ్చే అప్పు లిమిట్ రెన్యువల్‌కి లెక్కలు ఇవ్వాలి. ఆయన వేలు ధర్మాదా మీద ఆగింది.

"దీన్ని ఇన్‌కమ్‌లో వెయ్యి. సాయంత్రంలోగా కాకపోతే రేపు రానక్కర్లేదు," అన్నారు హిందీలో.

సీటుకొచ్చి ఆ ఖాతా తెరిచాను. గ్రూపు అన్నచోట ఒక్క మాట మారిస్తే చాలు. అప్పు తగ్గుతుంది, లాభం అంత పెరుగుతుంది, బ్యాలెన్స్ షీటు రెండు వైపులా చక్కగా సరిపోతుంది. తప్పు చేస్తే ఎక్కడో తేడా కనిపిస్తుందని నమ్మి చదువుకున్నదాన్ని. ఏమీ కనిపించదని తెలిశాక ఇంకా భయమేసింది. కింద తయారుచేసినవారు అన్నచోట ఉండేది నా సంతకం. ఇంటి అద్దె గుర్తొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం లోపలే ఉండిపోయింది.

అప్పుడే పెద్దాయన జాబితా మీద సంతకాలకని వచ్చారు. వెనకే చిన్నాయన. ధర్మాదా దగ్గరికి రాగానే పెద్దాయన, "ఇంత నిల్వా? ఇది ఇచ్చేయడం లేదా?" అన్నారు.

"ఆ డబ్బు సరుకులో తిరుగుతోంది భయ్యా. ఇన్‌కమ్‌లోకి మార్చమన్నాను," అన్నారు తమ్ముడు.

"బ్యాంకులో ఎంతుంది, బేటీ?"

చెప్పాను. ధర్మాదా కంటే తక్కువే ఉంది. పెద్దాయన గొంతు తగ్గించి, "మారిస్తే ఎవరికైనా తెలుస్తుందా?" అని అడిగారు.

ఆయన నోట ఆ మాట వస్తుందనుకోలేదు. "తెలియదండీ," అన్నాను. "కానీ ఎవరు మార్చమన్నారో ఇక్కడ రాసి సంతకం చేయండి. నేనొక్కదాన్నే చేయను."

పెద్దాయన పెన్ను తీశారు. చాలాసేపు పట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. చిన్నాయన నన్ను చూసిన చూపుకి నా పని అయిపోయిందనుకున్నాను.

ఇంటికెళితే అమ్మ, "ఏటే, మొకం అలాగైపోనాది? తబియత్ బాగోలేదేటి?" అంది. తలనొప్పి అన్నాను. అన్నం సయించలేదు.

పొద్దున్న కొట్టుకెళ్ళి, మార్చేసి ఉంటారనుకుంటూనే నా పాస్‌వర్డ్ కొట్టాను. తెరుచుకుంది. ధర్మాదా నేను పెట్టినచోటే ఉంది. ఏడుపొచ్చింది.

పెద్దాయన వచ్చి గోశాల పేర చెక్కు రాయించారు. అంతా ఒకేసారి తీర్చలేం, నెలనెలా కొంత ఇద్దామన్నారు. జాబితాలో ఒక లైను కలపమన్నారు: ఈ నెల ధర్మాదా ఇచ్చారా?

"దీనికి సంతకం ఎవరిదండీ?" అని అడిగాను.

ఆయన అద్దాల గది వైపు చూశారు. "తమ్ముడిది. నువ్వే వెళ్ళి చేయించు."

ఆ కొట్టులో ఉన్నన్నాళ్ళూ నెలాఖరున ఆ కాగితం పట్టుకుని ఆ గది తలుపు నేనే తట్టాను. లోపల్నుంచి "ఆవో" అనే గొంతు వినబడేదాకా ఊపిరి ఆడేది కాదు.