కమలకుమారి గారి కిటికీలో సీసా

నాచారంలో దోమల నివారణ పనిచేసే సువర్ణ పన్నెండేళ్లుగా ప్రతి గడపలో ఒకటే మాట చెప్పేది. "శుక్రవారం శుక్రవారం నీళ్లు పారబోయున్రి." కూలర్లు, పూలవాజులు, ఏసీ కింది ట్రేలు చూపించి మరీ చెప్పేది. జనం తలూపి తలుపేసుకునేవాళ్లు.

తు.చ. తప్పకుండా పాటించింది రిటైర్డ్ టీచరు కమలకుమారి గారొక్కరే. ఆవిడ కూతురు అమృతే డెంగీతో పోయింది.

డెంగీ వచ్చిన ఇంట్లో దోమలు ఎక్కడ పుడుతున్నాయో వెతకాలి కాబట్టి సువర్ణ వెళ్లింది. కూలర్ పొడిగా ఉంది. ట్రే శుభ్రంగా ఉంది. కిటికీలో అమృత పెట్టుకున్న మనీప్లాంట్ సీసాలో టార్చి వేస్తే, వేళ్ల మధ్య దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి.

"ప్రతి శుక్రవారం నీళ్లు మార్చానమ్మా. వేళ్లు తెగుతాయని మొక్క తీయకుండా వంపేదాన్ని. నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" అని అడిగారు కమలకుమారి గారు.

అడుగున మిగిలిన నీళ్లలో పురుగులు నిలిచిపోయాయి. గాజుకు లోపల మిరియాల పొడిలా గుడ్లు అంటుకుని ఉన్నాయి. మొక్క తీసి సీసా తోమాలని సువర్ణకు శిక్షణలో చెప్పారు. రోజుకు వంద ఇళ్లు తిరగాలని ఆ సగం మాట తనే మింగేసింది.

"లేదమ్మా, మీ తప్పేం లేదు. గా దోమ బయట నుంచే వచ్చింది" అంది.

ఇప్పుడు సువర్ణ సంచిలో గిన్నెలు తోమే పీచు ఉంటుంది. ప్రతి ఇంట్లో తోమి చూపించి, మాట పూర్తిగా చెబుతుంది.

ఆ ఒక్క ఇంట్లో మాత్రం ఏమీ చెప్పదు. శుక్రవారం వెళ్లి సీసా తనే తోముతుంది. తన మీద అభిమానంతో వస్తోందనుకుని, కమలకుమారి గారు టీ పెట్టి ఇస్తారు.