బావి పక్క తుకుడాలో పసుపు వేసిన ఏడు

మా అత్తగారింటికి నాలుగు తుకుడాల భూమి ఉండేది, నాలుగు విడివిడి ముక్కలు. జహీరాబాద్ నుంచి కోహీర్ పోయే దారిలో, అంతా ఎర్రనేల. నాలుగింటిలో నాలుగు పంటలు: అల్లం, జొన్న, ఆలుగడ్డ, కంది. అల్లం తవ్విన చోట మరుసటేడు జొన్న, జొన్న కోసిన చోట ఆలుగడ్డ, ఆలుగడ్డ తీసిన చోట కంది. కంది ఆకు రాలి నేల బలపడ్డాక మళ్లీ అల్లం. అంటే ఒక తుకుడాకు అల్లం నాలుగేళ్లకు ఒకసారి వస్తుంది, ఇంటికి మాత్రం ఏటా వస్తుంది. ఈ లెక్క ఏ కాగితం మీదా లేదు. అంతా మా అత్త తలలో ఉండేది.

ఆ ఇంట్లో పన్నెండు మందిమి. ఒకటే పొయ్యి. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో కూడా నా చేతిలో లేదు. పెళ్లయి ఆరేళ్లయినా అన్నం వార్చేటప్పుడు వెనక ఎవరో ఒకరు నిలబడి చూసేవారు. నా చిన్నకూతురికి జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోవడానికి ముగ్గురిని అడగాలి. నాకు ఊపిరాడేది కాదు. అందుకని డెబ్బైల చివర, మా మామ పోయిన ఏడాదికి, వేరుపడదామని అందరికంటే గట్టిగా గొడవ చేసింది నేనే. మా ఆయన నెమ్మదస్తుడు, ఆయన చేత కూడా నేనే అడిగించాను.

అన్నదమ్ములు ముగ్గురు, అత్త ఒకర్తె. తలా ఒక తుకుడా. బావి పక్కది మాకే కావాలని పట్టుబట్టాను, నీళ్లకు ఎవరినీ బతిమాలే పని ఉండదని. ఎవరూ అడ్డం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత గానీ తెలియలేదు. ఆ తుకుడాలో అల్లం అప్పుడే తవ్వారు. మా బావ కంది తీసిన తుకుడా తీసుకున్నాడు, ఆయనకు ఆ ఏడే అల్లం. మరిదికి జొన్న కోసింది వచ్చింది, అత్తకు ఆలుగడ్డ తీసింది.

"ఆ తుకుడ ఇంక మూడేండ్లు అల్లం మొకం చూడొద్దు బిడ్డా. జొన్న ఏసుకోర్రి," అంది అత్త.

జొన్న తింటాం, మరి మిగతా ఖర్చులకు? అల్లం కోసం మూడేళ్లు కాచుకుని కూర్చుంటే వేరుపడి ఏం లాభం? అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మా పుట్టింట్లో, రాయికోడ్ వైపు, పసుపు వేస్తారు. విత్తనం కొమ్ములు మా నాయన ఊరికే ఇస్తాడు. అల్లం వద్దన్నారు గానీ పసుపు వద్దనలేదు కదా. ఒకటి కారం, ఒకటి చేదు. ఒకదాన్ని నూరుకుంటాం, ఒకదాన్ని ముఖానికి పూసుకుంటాం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బండి మీద విత్తనం దిగుతుంటే అత్త వచ్చి చూసింది.

"ఒక్క గోత్రపోళ్లకు పెండ్లి చేస్తరా ఎవరన్న? అల్లం, పసుపు ఒక్క ఇంటి పోరగాళ్లు. ఆమె రోగం ఈమెకంటుతది."

"మా పొలం మేం చూసుకుంటం అత్తా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. ఆ ఇంట్లో ఎదురు మాట్లాడడం అదే మొదటిసారి.

కొట్టం పక్కన నా పొయ్యి వేసుకున్నాను. మూడు నెలలు నా ఇష్టం వచ్చినంత ఉప్పు వేసుకుని తిన్నాను. పసుపు మోకాలెత్తు లేచింది, ఆకులు అరచేతుల కన్నా వెడల్పు. శ్రావణంలో వాన ఎడతెగకుండా కురిసింది. ఒకరోజు అంచు సాలులో కింది ఆకులు పండుబారాయి. ఎరువు చాలలేదేమో అనుకున్నాను. నాలుగు రోజులకు మొదలు పట్టి లాగితే మొక్క చేతిలోకి వచ్చేసింది, ఏ పట్టూ లేకుండా. కింద దుంప మెత్తగా గుజ్జై ఉంది. ఆ కంపు చెప్పలేను. కాలువలు తీశాం, నీళ్లు బయటికి తోడాం, కుళ్లినవి పీకి దూరంగా పారేశాం. అయినా పక్క సాలుకు, దాని పక్క సాలుకు పాకిపోయింది. పోయినేడు అల్లంలో అక్కడక్కడ మిగిలిన తెగులు నేలలోనే ఉండి, దాని చుట్టం రాగానే లేచి కూర్చుంది. దసరా నాటికి తుకుడాలో సగం కూడా మిగలలేదు.

నా పొయ్యి చల్లారింది, గిన్నెలు మోసుకుని పాత వంటింట్లోకి పోయాను. తోడికోడలు జరిగి నాకు చోటిచ్చింది. ఆ జరగడం చూస్తే ప్రాణం పోయినట్టయింది.

అయితే ఈసారి మా ఆయన నోరు విప్పాడు. జహీరాబాద్‌లో అల్లం కొనే ఒక సేటు దుకాణంలో తూకం దగ్గర మనిషి కావాలన్నారట. ఉండడానికి అర్ర కూడా ఇస్తామన్నారు. ఉగాది కాగానే పోదామన్నాడు. అత్తను అడిగితే, "పోతె పోండ్రి, ఈడ ఏమున్నది మీకు?" అంది. నేను రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చలికాలమంతా నాకు సొంత పని లేక మరిది ఆలుగడ్డ చేను గట్టున, ఇంటికోసం పెట్టిన టమాట, వంగ మొక్కల పక్కన కూర్చుని పిల్లల్ని ఆడించుకునేదాన్ని. నా మనసంతా ఆ అర్ర మీదే ఉండేది.

ఉగాదికి పది రోజుల ముందు అందరూ వాకిట్లో కూర్చున్నారు. బావకు కూడా వేరుపడడం మీద మోజు తీరింది, ఎందుకంటే వచ్చేడు ఆయన తుకుడాకు జొన్నే. పంటలన్నీ మళ్లీ ఒక్కటిగా తిప్పుదామన్నాడు. అత్త తుకుడాలో కంది అయింది కాబట్టి అల్లం అక్కడికి. మా కుళ్లిన దాంట్లో జొన్న. ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు.

"నా దాంట్ల ఆలుగడ్డ మంచిగొచ్చింది," అన్నాడు మరిది. "కంది ఎవనిక్కావాలె? ఈసారి టమాట పెడత. అది కిందుండదు, మీద కాస్తది. రెంటికి ఏం సంబంధం?"

అత్త జొన్నలు చెరుగుతోంది. అందరూ ఆమె నోటి వైపు చూస్తున్నారు. నేనే అన్నాను:

"వద్దు మరిదీ. ఆలుగడ్డ పువ్వు, టమాట పువ్వు జర పక్కపక్కకు పెట్టి చూడు. రంగు వేరే గని తీరు ఒక్కటే. చుక్క లెక్క రెక్కలు, నడుమ పసుపు ముక్కు. వంకాయ పువ్వు గూడ గంతే. అవన్ని ఒక్క ఇంటియి. కందే పెట్టు."

అత్త చేట ఆపింది. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు చెప్పలె. గట్టు మీద కూసోని చూసిన."

ఆమె చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "నాకు కండ్లు సరిగ ఆనుతలేవు. ఇగ పంటల ముచ్చట నన్నడగకుర్రి, ఈమెనడుగుర్రి," అని లోపలికి పోయింది. బావ నా వైపు తిరిగి, "అయితే ఆ ఎనక ఏడు అల్లం ఏ తుకుడకు?" అని అడిగాడు. ఏడేళ్లలో ఆయన నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. దుకాణం మాట, అర్ర మాట ఇక ఆయన నోట మళ్లీ రాలేదు. ఇంటికి నేను లేకుండా కుదరదని ఆయనకు ఎంత గర్వమో!

నేను మాత్రం అత్త వదిలిపోయిన చేట అందుకున్నాను. నాకేం తెల్వదు అని ఒక్క మాట అని ఊరుకుని ఉంటే, ఉగాది తెల్లారి బండి ఎక్కేదాన్ని.