చూడకుండా పెట్టిన సంతకం

మా పక్క వాటాలో ఉండే బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ఉద్యోగం చేశాడు. మోటారు విడిభాగాల గోడౌనులో లారీ ఆగగానే సరుకు లెక్కపెట్టి, పెట్టెలకు దెబ్బలేమైనా తగిలాయేమో చూసి, చలానా మీద సంతకం పెట్టడం. ఆయన సంతకం పడందే లారీ కదిలేది కాదు. డ్రైవర్లు విసుగెత్తిపోయి ఆయనకు భూతద్దం అని పేరు పెట్టారు. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. పాల ప్యాకెట్టును వెలుతురుకు ఎత్తి చూస్తాడు. నా జిరాక్సు కొట్లో నేను కాగితం తీసిస్తే, నాలుగు అంచులూ సరిగా పడ్డాయని తేలాకే జేబులో పెడతాడు. నాకు ఒళ్ళు మండేది. ఏం బాబాయ్, నీకు మిషను మీద కూడా నమ్మకం లేదా అని చాలాసార్లు అడిగాను.

అలాంటి మనిషి ఒక మంగళవారం పొద్దున్నే ఆరు పేజీల ఉత్తరం పట్టుకుని నా కొట్టుకొచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టుకున్నాడు. టైపు చెయ్యమ్మా అన్నాడు. ఉత్తరం సోఫాల షాపుకి. మొదటి పేజీలోనే షాపు వాళ్ళను దొంగలన్నాడు, మూడో పేజీలో కసాయివాళ్ళన్నాడు, ఆరో పేజీ చివర మాత్రం దయచేసి అని రాశాడు.

సంగతేమిటంటే, పిన్నికి తుంటి కీలు అరిగిపోయింది. శనివారం ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు. ఆపరేషన్‌కి ముందే డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఆవిడ కూర్చునేది ఇరవై అంగుళాల ఎత్తుండాలి, గట్టిగా ఉండాలి, లేవడానికి రెండు పక్కలా చేతులుండాలి. పల్లంగా ఉన్నదాంట్లో కూర్చుంటే కీలు జారిపోతుంది, మళ్ళీ కొయ్యాలి. వాళ్ళింట్లో ఉన్నవి పొట్టి మంచం, రెండు ఊగిపోయే ప్లాస్టిక్ కుర్చీలు. అందుకే బాబాయి మూడు వారాల ముందే, ఉన్నదంతా ఊడ్చి, సోఫా ఆర్డరిచ్చాడు. షాపులో ఉన్నవన్నీ పదిహేడు అంగుళాలే. తమ వర్క్‌షాపులో పొడుగు కాళ్ళు బిగించి ఇస్తామన్నారు. సోమవారం తెచ్చి దించారు. సాయంత్రం ప్యాకింగు విప్పి, ముందువైపు అరచేత్తో నొక్కి చూశాడు. సోఫా ఎడమ కాలు లోపలికి మడుచుకుపోయింది. అదే నొక్కుడు పిన్ని నొక్కి ఉంటే మళ్ళీ ఆసుపత్రికే.

"చలానా మీద ఏం రాశావు బాబాయ్?" అన్నాను.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. అసలు కథ అక్కడుంది.

సోఫా దించుతున్నప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను. పిన్నిని మొదటిసారి నిలబెట్టి నడిపిస్తున్నారట. ఆవిడ ఏడుస్తోంది, ఎక్కడున్నారు, రండి అంటోంది. కూలీ చలానా చేతికిచ్చి ఒక్క సంతకం సార్ అన్నాడు. ఈయన ఉత్త సంతకం పెట్టినా సరిపోయేది. చేతికి ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. "పూర్తిగా పరిశీలించి, ఏ లోపమూ లేదని నిర్ధారించుకుని తీసుకున్నాను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తేదీ వేసి, గంట నిమిషం కూడా వేసి, కింద సంతకం చేసి ఆటో ఎక్కేశాడు. సోఫా అప్పటికి అట్టలోంచి బయటికే రాలేదు.

లోకంలో ఏ కొనుగోలుదారూ షాపువాడికి అంత చక్కటి ఆయుధం చేసి చేతికివ్వడు.

ఆ రాత్రే షాపుకు ఫోను చేస్తే మేనేజరు ఆ వాక్యం చదివి వినిపించాడట. మీరే చూసుకున్నామని రాశారు కదా సార్, తర్వాత మీ ఇంట్లో ఏం జరిగిందో మాకేం తెలుసు అన్నాడట. పైగా కొలత ఇచ్చి చేయించుకున్న సరుకు వాపసు తీసుకోరట. కావాలంటే వచ్చేవారం వడ్రంగిని పంపి ఇనుపపట్టీ కొట్టిస్తామన్నాడట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"శుక్రవారం ఆవిడని ఎక్కడ కూర్చోబెట్టనమ్మా?" అన్నాడు బాబాయి. ముప్పై ఏళ్ళు లారీలను నిలబెట్టిన గొంతు అది. ఆ రోజు నాకే సరిగా వినపడలేదు.

నాకు ఉత్తరాలు కొత్త కాదు. ఆరు పేజీలు పక్కన పడేసి మొదలుపెట్టాను. బిల్లు నంబరు, ఆర్డరిచ్చిన తేదీ, దించిన తేదీ, ఏం విరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి. తిట్లు తర్వాత ఎప్పుడైనా తిట్టుకోవచ్చు. కానీ ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి నా వేళ్ళూ ఆగిపోయాయి. అప్పుడు బాబాయే అన్నాడు, కూలీ తొందరపెట్టి, చెప్పి మరీ రాయించుకున్నాడని కొట్టమ్మా అని. చచ్చేవాడికి సముద్రం మోకాలిబంటి. నేను మారుమాట్లాడకుండా కొట్టేశాను. నిజం చెప్పొద్దూ, చక్కగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

కాగితం తీసిచ్చాను. ఒకసారి చదివాడు, రెండోసారి చదివాడు. మూడోసారి చదివి, ఆ కూలీ మాట తీసెయ్యమ్మా అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. పెళ్ళాం కాలికంటే నీ నిజాయితీ ఎక్కువా అని అడిగేశాను. పెద్దవాడన్న గౌరవం కూడా లేకుండా అడిగాను.

"నిజాయితీ కాదమ్మా," అన్నాడు. "ఇలాంటి ఉత్తరం వస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. సరుకు మోసినవాడి జీతంలో కోస్తారు. నేనే అలాంటి కాగితాలు పైకి పంపాను. నిన్న ఆ కూలీ మన సందులోంచి సోఫాను ఒక్కడే వీపు మీద మోసుకొచ్చాడు. వాడు గోడకు కూడా తగలనివ్వలేదు."

ఆ మాట తన నోట్లోంచి రాగానే ఆయన ముఖం మారింది. గోడకు కూడా తగల్లేదు, అట్ట మీద ఒక్క గీత లేదు, మరి విరిగిందెక్కడ అని తనలో తనే గొణుక్కుంటూ లేచాడు. నన్ను రమ్మని ఇంట్లోకి తీసుకెళ్ళాడు. సోఫాను వెనక్కి పడుకోబెట్టి, కింద కొట్టిన నల్లగుడ్డ మేకులు నాలుగు ఊడదీసి, టార్చి వేశాడు. కాళ్ళు బిగించే ముందువైపు చెక్కపట్టె అడ్డంగా చీలి ఉంది. చీలిక లోపల జిగురు ఎండి పసుపుపచ్చగా గడ్డకట్టింది. కొత్త కాలు బిగించేటప్పుడు పట్టె పగిలితే, వర్క్‌షాపులో ఎవరో జిగురు పూసి, పైన గుడ్డ కొట్టేసి పంపించేశారు. నిన్న దించిన సోఫాలో జిగురు గడ్డకట్టాలంటే అది ఎప్పుడో పగిలి ఉండాలి. గుడ్డ విప్పితే తప్ప ఎంతటి భూతద్దానికైనా కనపడేది కాదు. కానీ ఆ మాట అడ్డం పెట్టుకుని ఆయన తప్పించుకోలేదు. ఫోటోలు నేను తీశాను. తర్వాత ఆయన చెబుతుంటే ఇలా కొట్టాను:

"చలానా మీద పూర్తిగా పరిశీలించానని రాసింది నేనే. నేను పరిశీలించలేదు. ప్యాకింగు విప్పలేదు. నా భార్య ఆసుపత్రిలో ఏడుస్తోందని ఫోను రావడంతో అలవాటుగా రాసి వెళ్ళిపోయాను. అది నా తప్పు. సోఫా విరగడం నా తప్పూ కాదు, మోసినవారి తప్పూ కాదు. చీలికలో ఎండిన జిగురు ఫోటో జతచేశాను. ప్యాకింగు అట్టలు దాచి ఉంచాను, ఎప్పుడైనా చూడవచ్చు. కొలత ఇచ్చి చేయించుకున్నాను నిజమే. నేనిచ్చిన కొలతలో పగిలిన పట్టె లేదు. శుక్రవారం మధ్యాహ్నంలోగా ఇదే ఎత్తులో మరో సోఫా ఇవ్వండి. వీలుకాకపోతే నా డబ్బు మొత్తం గురువారమే తిరిగి ఇవ్వండి, మరోచోట కొనుక్కుంటాను. రెండూ చెయ్యకపోతే వినియోగదారుల కోర్టుకు వెళ్ళక తప్పదు."

రెండు కాపీలు తీసుకుని ఇద్దరం షాపుకు వెళ్ళాం. ఒక కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వెయ్యమంటే కౌంటరు అమ్మాయి మేనేజరును చూసింది, మేనేజరు గోడ గడియారాన్ని చూశాడు. బాబాయి అక్కడ అమ్మకానికి పెట్టిన ఒక సోఫా పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. గంట గడిచింది. కొనడానికొచ్చిన ఒక జంట ఆయన్నేమైందని అడిగారు. ఆయన ఫోటో చూపించాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు మేనేజరుకు ఉత్తరం చదవడానికి తీరిక దొరికింది.

ఫోటో దగ్గర అతను ఆగాడు. వర్క్‌షాపు మేస్త్రీకి ఫోను చేసి, గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడాడు. వచ్చి, డబ్బు వాపసు బ్యాంకులో పడాలంటే వారం పైనే పడుతుంది సార్, సోఫా అయితే శుక్రవారం పన్నెండింటికి పంపిస్తాం అన్నాడు. బాబాయి ఆ మాట కాపీ మీద రాయించుకుని, స్టాంపు వేయించుకున్నాడు. వారం తర్వాత వచ్చే డబ్బు శుక్రవారం పిన్నిని కూర్చోబెట్టదు. ఇక ఆ మేస్త్రీ చేతులే దిక్కు.

శుక్రవారం పన్నెండైంది, సోఫా రాలేదు. పిన్ని వచ్చేసింది. ఆసుపత్రి బండివాడు చక్రాల కుర్చీలోనే దించి నా కొట్టు ముందు నీడలో పెట్టాడు. కుర్చీ ఆసుపత్రిది, తిరిగి తీసుకుపోవాలి. ఇంకో రోగి ఎదురుచూస్తున్నాడు, తొందరగా తేల్చండి అంటున్నాడు. షాపుకు ఫోను చేస్తే సోఫా బండి బయల్దేరిందన్నారు. ఒంటిగంటకూ అదే మాట, రెండింటికీ అదే మాట. బాబాయి సందు చివరికి వెళ్ళడం, రావడం, బండివాడి గడ్డం పట్టుకున్నంత పని చెయ్యడం. ఆ గంటల్లో ఆయన పదేళ్ళు ముసలాడయ్యాడు. పిన్ని వంక మాత్రం చూడటం లేదు. సోఫా కొంచెం ఆలస్యమైందని తప్ప ఆవిడకు ఏమీ చెప్పలేదట.

ఆయన మళ్ళీ సందు చివరికి వెళ్ళగానే పిన్ని నన్ను పిలిచి నిజం చెప్పమంది. ఉత్తరం కాపీ తెచ్చి చేతిలో పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని నెమ్మదిగా చదివింది. మధ్యలో ఒకచోట వేలు పెట్టి ఆగింది. బండివాడు నేను పోతానమ్మా అంటున్నా వినిపించుకోలేదు.

"మా పెద్దది పుట్టిన రోజున మూడు లారీలు దించుకుని, చూసుకుని, సంతకాలు పెట్టి సాయంత్రానికి వచ్చారమ్మా ఈయన," అంది. "మా అమ్మ పోయిన రోజూ అంతే. ముప్పై ఏళ్ళు నేను ఆ లారీల తర్వాతే."

సందు మలుపులో వ్యాను హారను వినిపించింది. బాబాయి దాని ముందు పరుగెడుతూ వస్తున్నాడు, చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. పిన్ని కాగితంలోంచి తలెత్తలేదు.

"నేను ఏడ్చానని, చూడకుండా సంతకం పెట్టారట," అంది.