వడ్డిస్తుండగా తీసిన ఫోటో

ముప్పై నాలుగో ఏట పెళ్లి సంబంధాల వెబ్‌సైటులో నా వివరాలు పెట్టాను. మా తాత పేరు వింటే లేచి నిలబడేవాళ్లు అప్పటికే పోయారు, పొలాలూ పోయాయి. నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే నాకు మిగిలింది. రెండు నెలలైనా ఒక్క ఇంటి నుంచీ కబురు లేదు.

కల్లూరులో ఇంటర్నెట్ సెంటరు నడిపే ఆమెను అడిగాను. నా పేజీ తెరిచి నవ్వు ఆపుకుంది. ఉన్నది ఒకే ఫోటో. తాత కుర్చీని ఆటోలో కర్నూలు స్టూడియోకు తీసుకుపోయి, కోటు తొడుక్కుని తీయించినది.

"యాడుండావన్నా ఇందులో?"

"కుర్చీలో."

"కుర్చీ బాగా కనపడతాండాది. నువ్వే కనపడవు."

పెళ్లికొడుకుల కోసం వెతికితే వచ్చే వరుసను చూపించింది. ఒక్కొక్కరిదీ మొదటి ఫోటో, తపాలా బిళ్లంత. అందరి ముఖాలూ తెలుస్తున్నాయి. నా బిళ్లలో కుర్చీ, దానిపై బియ్యపు గింజంత తల.

ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ తెమ్మంది. మరునాడు తీసుకుపోతే ఎర్రగుంట్లలో చెల్లెలి పెళ్లినాటిది బయటికి తీసింది. ఆ రోజు నేను పప్పు బకెట్టు పట్టుకుని వడ్డిస్తుంటే ఎవరో పిలిచారు. తిరిగి నవ్వాను. కిటికీ వెలుగు ముఖం మీద పడింది.

"అది వద్దమ్మా. మా ఇంట్లో వడ్డించేవాళ్లు వేరే ఉండేవాళ్లు."

"ఉన్నింటార్లే. పిల్ల చూసేది నిన్నా, మీ వంటోళ్లనా?"

లేచి పోదామనుకున్నాను. పోతే మళ్లీ ఆ కుర్చీయే గతి. కూర్చున్నాను.

ఆమె దాన్ని స్కాన్ చేసి, భుజాల దాకా ఉంచి కింద కత్తిరించింది. బకెట్టు పోయినందుకు ఊపిరి పీల్చుకున్నాను. చెదిరిన జుట్టును కూడా సరిచేయమన్నాను.

"శానా సరిజేస్తే ఇది గూడా స్టూడియో ఫోటో అయితాది. ఉండనీ."

అదే మొదటి ఫోటో. ఎత్తు తెలిసేలా గేటు దగ్గర నిలబడినది రెండోది. అమ్మతో ఉన్నది మూడోది. కుర్చీని తీసేస్తానంటే నేను ఒప్పుకోలేదు. దాన్ని చివర పెట్టింది. వెబ్‌సైటు వాళ్లు చూసి ఆమోదించాక నా ఫోటోల కొత్త వరుస మరునాడు కనిపించింది.

రెండు వారాలకు వేంపల్లె నుంచి కబురు వచ్చింది. అమ్మాయి అక్కడి బడిలో లెక్కల టీచరు. అమ్మా నేనూ వెళ్లాం. పెద్దవాళ్లు లేచి వసారాలోకి వెళ్లాక ఆమె సూటిగా అడిగింది.

"మొదటి ఫోటో చూసి పేజీ తెరిచినా. చివర కుర్చీలో కూర్చున్నది మీ నాయనా?"

"అదీ నేనే," అన్నాను బిగుసుకుని.

"అట్లయితే పెళ్లికి ఎవరొస్తారు, ఆయనా మీరా?"

నాకు నవ్వు ఆగలేదు. నేనే వస్తానన్నాను. కాఫీ చల్లారేదాకా మాట్లాడుకున్నాం. తిరిగి వచ్చే బస్సులో అమ్మ ముహూర్తాల మాట ఎత్తితే నేను అడ్డు చెప్పలేదు.